భర్త వెంట విదేశానికి: సెలవు మంజూరు కాకుండా విమానం ఎక్కితే?

కలువాయి మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒక టీచరమ్మ పనిచేస్తున్నారనుకుందాం. భర్తకు కువైట్‌లో ఏడాది కాంట్రాక్టు మీద పని దొరికింది. పిల్లాణ్ణి తీసుకుని ఆవిడ కూడా వెళ్లాలి, తిరిగొచ్చి అదే ఉద్యోగంలో చేరాలి. ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఇలాంటి ఇల్లాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే: ఏడాది సెలవు ఇస్తారా?

రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి ఇందుకున్న దారి జీతం లేని సెలవు. ఆఫీసుల్లో దీన్ని ఈఓఎల్ అంటారు. వేరే సెలవులు నిల్వ ఉన్నా సరే, ఉద్యోగి రాతపూర్వకంగా కోరితే దీన్ని మంజూరు చేయవచ్చు. వేసవి సెలవులుండే ఉద్యోగం కనుక టీచర్లకు ఆర్జిత సెలవులు ఏడాదికి ఆరే జమవుతాయి. అవి ఎంతో దూరం రావు.

అయితే సెలవు హక్కు కాదు. ప్రభుత్వ అవసరాన్ని బట్టి కాదనే అధికారం ఆఫీసరుకుంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ‘అప్లికేషన్ ఇచ్చాం, హెడ్మాస్టరుగారు సరేనన్నారు’ అనుకుని టికెట్లు కొనేస్తారు. ఇంత పొడవైన సెలవు హెడ్మాస్టరు మాటతో తేలేది కాదు. కాగితం డీఈవో ఆఫీసుకు, అవసరమైతే ఆ పైకి వెళ్లాలి. మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఆ సెలవు లేనట్టే. ఆలోగా బడికి రాకపోతే అది అనధికార గైర్హాజరు.

దాని ఫలితం చిన్నది కాదు. ఆర్థిక శాఖ 2007 జూన్ 1న ఇచ్చిన 129వ నంబరు జీవో ప్రకారం, అనుమతి లేని గైర్హాజరు ఏడాది దాటితే ఆ ఉద్యోగి రాజీనామా చేసినట్టే లెక్క. అనుమతి ఉన్నా లేకున్నా వరుసగా ఐదేళ్లు దాటినా అంతే. ఏడాది కోసమని వెళ్లినవారికి ఆ మొదటి గడువు సరిగ్గా గుమ్మం దగ్గరే నిలబడి ఉంటుంది. మంజూరు లేకుండా వెళ్లి, కాంట్రాక్టు మరో నెల పొడిగించారని ఆగిపోతే చాలు, గీత దాటినట్టే.

అలాగని నోటీసు లేకుండా తీసేయకూడదు. కారణం చెప్పుకునే అవకాశం ముందుగా ఇవ్వాలని అదే నిబంధన చెబుతోంది. ఆ నోటీసు సర్వీసు పుస్తకంలోని చిరునామాకు వస్తుంది. తాళం వేసిన ఇంటి నుంచి కవరు తిరిగి వెళ్లిందంటే కథ ఏకపక్షంగా నడుస్తుంది. కాబట్టి దరఖాస్తులోనే విదేశీ చిరునామా, ఈమెయిలు, ఊళ్లో కాగితాలు అందుకునే బంధువు పేరు రాసి, అందినట్టు సంతకం, తేదీ ఉన్న నకలు దగ్గర పెట్టుకోవాలి. ఫైలు కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో డీఈవో ఆఫీసును అడగవచ్చు. జవాబుకు గడువు ముప్పై రోజులు.

సెలవు దొరికినా ఖర్చుంటుంది. ఆవిడ ఇంక్రిమెంటు ఏటా అక్టోబరు 1న వస్తుందనుకుందాం. 2026 జూన్ 12 నుంచి 2027 జూన్ 11 దాకా సెలవు పెడితే, ఆ ఏడాది ఇంక్రిమెంటు లెక్కలోకి రాదు. 2026 అక్టోబరులో రావలసినది 2027 అక్టోబరుకు జరుగుతుంది. జీతం లేదు గనక సీపీఎస్ వాటా జమకాదు. జీతంలోంచి కోసే ఏపీజీఎల్ఐ ప్రీమియం, బ్యాంకు కంతులు ఎలా కట్టాలో వెళ్లకముందే తేల్చుకోవాలి. ఇంకో సంగతి: సెలవులో ఉన్నా ఆవిడ ప్రభుత్వోద్యోగే. అనుమతి లేకుండా కువైట్‌లో ట్యూషనో, బడి ఉద్యోగమో చేస్తే 1964 నాటి ప్రవర్తన నియమాలు అడ్డొస్తాయి. అక్కడ పనిచేసే ఉద్దేశం ఉంటే ఆ మాట దరఖాస్తులోనే రాయడం మేలు.

కేరళలో భర్త లేదా భార్య దగ్గరికి వెళ్లేందుకు జీతం లేని సెలవుకు సర్వీసు నిబంధనల్లో ప్రత్యేకంగా అనుబంధమే ఉంది. జపాన్ అయితే జీవిత భాగస్వామి వెంట విదేశం వెళ్లే జాతీయ ప్రభుత్వోద్యోగుల కోసం 2013లో చట్టమే చేసింది, మూడేళ్ల దాకా సెలవిస్తారు. మన దగ్గర అంత సూటి ఏర్పాటు కనపడదు, ఈఓఎల్‌నే అందుకు వాడుకోవాలి.

ప్రైవేటు ఉద్యోగులకు ఇలాంటి సెలవు ఇచ్చి తీరాలనే చట్టం లేదు. ఇచ్చేది కంపెనీ ఇష్టం. ఇస్తామంటే తిరిగి చేరే తేదీ, హోదా, జీతం, పాత సర్వీసు గ్రాట్యుటీకి కలిసొస్తుందా అన్నది ఉత్తరంలో రాయించుకోవాలి. ఇవ్వకుండానే, రోజులు దాటాయి కాబట్టి పేరు కొట్టేశామంటే మాత్రం, విచారణ లేకుండా కార్మికుణ్ణి అలా తొలగించడం చెల్లదని డి.కె.యాదవ్ కేసులో 1993లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

తిరిగొచ్చాక టీచరమ్మకు పాత బడే ఇస్తారన్న హామీ లేదు. ఆ ఖాళీలో అప్పటికే మరొకరు చేరి ఉండవచ్చు. అందుకే గడువు ముగియడానికి ముందే చేరిక కాగితం పంపి, ఎక్కడ చేరాలో డీఈవో ఆఫీసు నుంచి రాతలో తెప్పించుకోవాలి.