కన్నీళ్లు పెరిగాయి కదా, మందు ఆపొచ్చా?

ప్రశ్న: మా షిట్జు కుక్కకు ఆరేళ్లు. రెండు కళ్లకూ జిగురు పుసి పట్టి, ఎర్రబడితే పశువుల డాక్టరుకు చూపించాం. షర్మర్ పరీక్షలో కుడి కంటికి 4, ఎడమ కంటికి 11 మిల్లీమీటర్లు వచ్చింది. సైక్లోస్పోరిన్ 0.2 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు పెట్టమన్నారు. రెండు నెలలకు ఆ అంకెలు 13, 17 అయ్యాయి. పుసి కూడా పోయింది. ఇక మందు ఆపేయొచ్చా?

జవాబు: ఆపకండి. 13, 17 అన్నవి జబ్బు నయమైందని చెప్పే అంకెలు కావు, మందు పనిచేస్తోందని చెప్పే అంకెలు. షర్మర్ పరీక్షలో సన్నటి కాగితం పట్టీ కొసను మడిచి కింది రెప్ప లోపల పెట్టి, ఒక్క నిమిషంలో తడి ఎంత దూరం పాకిందో చూస్తారు. 15 మిల్లీమీటర్లు, ఆ పైన వస్తే మామూలే. 10 నుంచి 14 మధ్య ఉంటే అనుమానించాలి. 5, అంతకన్నా తక్కువైతే కన్ను బాగా ఎండినట్టే. అంటే మీ కుక్క కుడి కన్ను ప్రమాదం నుంచి బయటపడింది కానీ, ఇంకా మామూలు స్థాయికి చేరలేదు.

ఇలాంటి చిన్న జాతి కుక్కల్లో రెండు కళ్లూ ఎండుతుంటే, చాలాసార్లు కారణం ఒంట్లోని రోగనిరోధక కణాలే కన్నీటి గ్రంథి మీద పడటం. సైక్లోస్పోరిన్ ఆ దాడిని అణచిపెడుతుంది, దాంతో మిగిలిన గ్రంథి మళ్లీ నీరు ఊరిస్తుంది. దాడి చేసే గుణాన్ని మాత్రం అది తుడిచిపెట్టదు. అందుకే మందు మానేస్తే సాధారణంగా కన్ను మళ్లీ ఎండుతుంది. ఈలోగా గ్రంథి మరికొంత పాడైతే, తిరిగి మొదలుపెట్టినా ఇంత బాగా కోలుకోకపోవచ్చు. మొదటి అంకె 0 లేదా 1 వచ్చిన కళ్లలో ఈ మందు తక్కువగా పనిచేయడానికి కారణమూ ఇదే.

జీవితాంతం మందేమిటి, కృత్రిమ కన్నీళ్ల చుక్కలు చాలవా అని మీకు అనిపించవచ్చు. ఆ చుక్కలు కాసేపు కన్నును తడుపుతాయి, గ్రంథిని కాపాడవు. పైగా రోజుకు చాలాసార్లు వేయాలి. ఆయింట్‌మెంట్ రెండు పూటలతో సరిపోతుంది, కంట్లో పెట్టే మోతాదుకు ఒంటి మీద ప్రభావం సాధారణంగా స్వల్పమే. పరీక్షలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా మామూలే కదా అన్న మాటా నిజమే. కానీ 4 నుంచి 13కు పెరగడం ఆ తేడాలోకి రాదు.

కాబట్టి తర్వాతి పరీక్షకు కూడా మందు మానకుండానే వెళ్లండి. ఆ పూట ఆయింట్‌మెంట్ రెండు మూడు గంటల ముందే పెట్టేయండి. పరీక్షకు ముందు మాత్రం ఏ చుక్కలూ వేయకండి, ఆ తడి వల్ల అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండు కళ్లూ 15 దాటి కొన్ని నెలలు నిలకడగా ఉంటే, పూటలు తగ్గించవచ్చేమో డాక్టరు చూస్తారు. తగ్గించాక అంకె పడిపోతే మళ్లీ రెండు పూటలే. మధ్యలో నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనిపించినా, కుక్క కన్ను తెరవలేకపోయినా అది పుండు కావచ్చు. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ చుక్కలు వేయకుండా అదే రోజు చూపించండి.