ఆ ఉత్తరం పోస్టు చేసిందెవరు?

బాల్కొండలో ఇంటర్ అయ్యాక సీఏ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఆర్టికల్‌షిప్ మొదట్లోనే తగిలే పనుల్లో ఒకటి బ్యాంకు కన్ఫర్మేషన్. మార్చి 31న ఫలానా కంపెనీ ఖాతాలో ఎంత ఉందో చెప్పమని ఆడిటర్ నేరుగా బ్యాంకుకు ఉత్తరం రాస్తాడు. చూడ్డానికి గుమాస్తా పనే. సత్యం కంప్యూటర్స్ ఆడిట్ దెబ్బతిన్నది మాత్రం ఇక్కడే.

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని తేలింది. ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్. బ్యాంకు కన్ఫర్మేషన్ ఉత్తరాలు పంపడం, జవాబులు తెచ్చుకోవడం కంపెనీ వాళ్లకే వదిలేశారని అమెరికా ఎస్ఈసీ 2011లో తేల్చింది. ఎవరిని తనిఖీ చేయాలో వాళ్ల చేతికే జవాబు అప్పగించాక ఆడిట్‌లో ఇంకేం మిగులుతుంది?

2013 కంపెనీల చట్టం చాలా బిగించింది. ఆడిటర్‌ను ఏజీఎంలో వాటాదారులు ఐదేళ్లకు నియమిస్తారు. లిస్టెడ్ కంపెనీల్లో వ్యక్తి అయితే ఒక విడత, సంస్థ అయితే రెండు విడతలు. తర్వాత ఐదేళ్లు ఆ కంపెనీ ఆడిట్ ముట్టుకోకూడదు. ఆడిట్ చేసే కంపెనీకే లెక్కలు రాయడం, ఇంటర్నల్ ఆడిట్ చేయడం కూడా నిషేధం. అయితే ఒకటి గమనించండి: ప్రైస్ వాటర్‌హౌస్ సత్యంలో ఉన్నది 2000 నుంచి 2008 వరకే. నేటి పదేళ్ల హద్దు అప్పుడు ఉన్నా, ఆడిటర్ మారేవాడు కాదు. రొటేషన్ అవసరమే, కానీ ఉత్తరాన్ని స్వయంగా పంపడానికి అది ప్రత్యామ్నాయం కాదని నా గట్టి అభిప్రాయం.

బాధ్యత సంతకం చేసిన మనిషి దాకా వస్తుంది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో పాటు ఇద్దరు ఆడిట్ భాగస్వాములకూ ఏడేళ్ల జైలు విధించింది. అప్పీలులో శిక్ష అమలు ఆగింది. 2018లో వచ్చిన ఎన్ఎఫ్ఆర్ఏ అయితే తప్పు చేసిన ఆడిటర్‌ను ఆరు నెలల నుంచి పదేళ్ల వరకు ఆడిట్‌కు దూరం పెట్టగలదు. కోటి రూపాయలు, ఆపైన మోసం జరిగిందని అనుమానం వస్తే ఆడిటర్ ముందు బోర్డుకు చెప్పి, తర్వాత కేంద్రానికి నివేదించాలి. మౌనంగా ఉంటే దానికే జరిమానా పడుతుంది.

మన ప్రాంతంలో పసుపు రైతుల ఉత్పత్తిదారుల కంపెనీకీ స్టాట్యుటరీ ఆడిటర్ ఉండాల్సిందే. చిన్న కంపెనీకి రొటేషన్ వర్తించకపోవచ్చు, పద్ధతి మాత్రం అదే. పసుపు బస్తాలు కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయంటే కంపెనీ చూపించే రసీదుతో ఆగిపోవద్దు. స్టోరేజీకి మీరే రాయండి, జవాబు మీ ఆఫీసుకే రప్పించుకోండి. నిల్వ పెద్దదైతే వెళ్లి లెక్కపెట్టండి.