కార్డు వెనక రాసుకున్న మాట

2016 సెప్టెంబర్ 23 నుంచి 25 వరకు విశాఖపట్నంలో ఎంపెడా, సీఫుడ్ ఎగుమతిదారుల సంఘం కలిసి ఇండియా ఇంటర్నేషనల్ సీఫుడ్ షో నిర్వహించాయి. అలాంటి ప్రదర్శనకు ఇందుకూరుపేట నుంచి ఓ వనామీ రైతు వెళ్లాడనుకుందాం. మొదటిరోజు శుక్రవారం మధ్యాహ్నం ఓ ఎగుమతి కంపెనీ స్టాల్ దగ్గర, సరుకు కొనే అధికారితో పది నిమిషాలు మాట్లాడాడు. చేతులు కలిపారు, కార్డులు మార్చుకున్నారు. ఆ అధికారి మూడు రోజుల్లో ఇంకెన్ని చేతులు కలిపి ఉంటాడో! ఇంటికొచ్చాక ఈ రైతు మెయిల్ రాయాలి. ఏం రాయాలి?

చాలామంది రాసేది ఇది: ‘మిమ్మల్ని కలవడం చాలా సంతోషం. మా దగ్గర నాణ్యమైన రొయ్యలున్నాయి. వివరాలు జతచేశాను. మీ సహకారం కోరుతున్నాను.’ ఇందులో అబద్ధం లేదు. కానీ ఈ ఉత్తరాన్ని ఆ ప్రదర్శనకు రాని మనిషి కూడా రాయొచ్చు. ‘సహకారం’ అంటే తానేం చేయాలో అవతలి మనిషికి తెలియదు. తర్వాత చూద్దామని పక్కన పెడతాడు. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

మన రైతు స్టాల్ నుంచి పక్కకు రాగానే కార్డు వెనక మూడు ముక్కలు రాసుకున్నాడు: ‘యూరప్. టెస్ట్ కాగితం. చూద్దాం అన్నాడు.’ యూరప్‌కు వెళ్లే చెరువు రొయ్యకు పట్టుబడికి ముందే నిషిద్ధ యాంటీబయాటిక్స్ పరీక్ష జరగాలి. ఎంపెడా ల్యాబ్ ఇచ్చే ఆ ప్రీ హార్వెస్ట్ టెస్ట్ సర్టిఫికెట్ గురించే ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆదివారం రాత్రి ఆ మూడు ముక్కలే ఇలా ఉత్తరమయ్యాయి.

‘విషయం: శుక్రవారం మాట్లాడిన ఇందుకూరుపేట వనామీ, శాంపిల్ తేదీ

నమస్కారమండీ. శుక్రవారం మధ్యాహ్నం మీ స్టాల్ దగ్గర కలిసిన రైతును. ప్రీ హార్వెస్ట్ టెస్ట్ కాగితం లేకపోతే యూరప్ సరుకు మాట ఎత్తలేమని మీరన్నారు. ఇంతవరకు ఆ పరీక్ష చేయించలేదని నేను చెప్పాను. కాగితం ఉంటే చూద్దామన్నారు.

నావి రెండు చెరువులు, నాలుగెకరాలు. మొన్న బుధవారం విసురు వల వేసి తూచితే కిలోకు 52 వచ్చాయి. మూడు వారాల్లో 40 కౌంట్‌కు వస్తాయని అంచనా.

ఈ బుధవారం కాదు, ఆపై బుధవారం ఉదయం 7 గంటలకు పరీక్షకు శాంపిల్ తీయిస్తున్నాను. అమావాస్య దాటి నాలుగు రోజులవుతుంది కాబట్టి గుల్ల కూడా గట్టిపడి ఉంటుంది. ఆ పూట మీ ఫీల్డ్ మనిషిని చెరువు దగ్గరికి పంపగలరా?’

కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు. అంతే.

ఇందులో గమనించాల్సింది మొదట ‘చూద్దాం’ అన్న మాట. దాన్ని అతను ‘కొంటామన్నారు’ అని పెంచి రాయలేదు. పెంచి రాస్తే అవతలి మనిషి తాను ఇరుక్కుంటున్నానని అనుకుంటాడు, జవాబివ్వడానికి వెనకాడతాడు. పరీక్ష చేయించలేదన్న తన లోటును కూడా దాచలేదు. స్టాల్ దగ్గర చెప్పిన మాటా, ఉత్తరంలోని మాటా ఒకటే కావడంతో మిగతా లెక్కలను నమ్మడానికి దారి దొరికింది.

ఆ లెక్కలు కూడా సరిచూసుకోగలిగినవే. 52 కౌంట్ అంటే రొయ్య సుమారు 19 గ్రాములు, 40 అంటే 25. మూడు వారాల్లో ఆరు గ్రాములు, అంటే వారానికి రెండు. అన్నీ బాగుంటే వనామీకి అది మామూలు ఎదుగుదలే. రొయ్యల వాడు చదవగానే అది కోతో నిజమో పట్టేస్తాడు.

ఇక అడిగింది ఒక్కటే. ధర అడగలేదు, అడ్వాన్సు అడగలేదు. రేటు పట్టుబడి నాటికి మారుతుంది కనుక ఇప్పుడడిగితే ‘అప్పుడు చూద్దాం’ అనే జవాబే వస్తుంది. మనిషిని పంపే విషయమైతే అధికారి తన పరిధిలో అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పగలడు. పైగా అతను పంపకపోయినా రైతు శాంపిల్ తీయించడం ఆగదు. అందుకే ఆ అడగడంలో బతిమాలడం లేదు.

వారమైనా జవాబు రాకపోతే? ‘నా మెయిల్ చూశారా’ అని గుర్తుచేయడం వల్ల అవతలి మనిషికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. మన రైతు అదే మెయిల్ కింద రెండు వాక్యాలు కలిపాడు: ‘నిన్న మళ్లీ వల వేశాం, కిలోకు 45 వచ్చాయి. ఎల్లుండి 7 గంటలకు చెరువు దగ్గర ఉంటాను.’ దానికీ జవాబు లేకపోతే మూడోసారి రాయడు. శాంపిల్ ల్యాబ్‌కు వెళ్తుంది, కాగితం చేతికొస్తుంది. ఆ కాగితంతో ఇంకో కార్డు బయటికి తీస్తాడు.

ఈసారి ప్రదర్శనకు వెళ్లేటప్పుడు జేబులో మీ కార్డులతో పాటు ఓ పెన్ను కూడా పెట్టుకోండి. స్టాల్ దాటిన పది అడుగుల్లోనే, ఎదుటి మనిషి అన్న మాటను అతని కార్డు వెనక అన్నది అన్నట్టే రాసుకోండి. రాయడానికి ఏమీ తోచకపోతే, ఆ మనిషికి మెయిల్ పెట్టాల్సిన పని కూడా లేదు.