బొగ్గు నెలవారీ అమ్మకాల నివేదిక: టన్నుల లెక్క చాలదు

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో సింగరేణికి రామగుండం-1, 2, 3 అని మూడు ఏరియాలున్నాయి. ఒక్కో ఏరియాకు ఒక జనరల్ మేనేజర్. నెల తిరిగేసరికి ‘లక్ష్యంలో ఇంత శాతం రవాణా’ అనే అంకె బయటికి వస్తుంది. మార్కెట్ వర్గాలు దాన్నే పట్టుకుని సరుకు నిండుగా ఉన్నదీ, కరువైనదీ తేల్చేస్తాయి. కాని ఆ ఒక్క అంకె అసలు సంగతిని కప్పిపుచ్చగలదు. అదెలాగో ఒక ఏరియా జూలై నివేదికను ఊహించుకుని చూద్దాం. అంకెలు కేవలం లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి. ధరలు పన్నులు, రాయల్టీ కలపనివి.

జూలై లక్ష్యం 5 లక్షల టన్నులు. అందులో విద్యుత్ కేంద్రానికి 4.20 లక్షలు, టన్ను రూ. 3,000 చొప్పున. సిమెంటు తదితర పరిశ్రమలకు 80 వేలు, రూ. 4,000 చొప్పున. రావలసిన సొమ్ము రూ. 158 కోట్లు. జరిగినది వేరు. విద్యుత్ కేంద్రానికి 4.30 లక్షలు వెళ్లాయి గాని సగటున రూ. 2,850 మాత్రమే గిట్టింది. పరిశ్రమలకు 50 వేలే వెళ్లాయి, ధర మారలేదు. వచ్చినది రూ. 142.55 కోట్లు. టన్నుల్లో 96 శాతం సాధించినట్లు కనిపిస్తుంది, సొమ్ములో 90 శాతమే. లోటు రూ. 15.45 కోట్లు.

ఈ లోటును మూడుగా విడదీయాలి. లక్ష్యం ప్రకారం సగటు ధర రూ. 3,160. తగ్గిన 20 వేల టన్నులకు ఆ ధర కడితే రూ. 6.32 కోట్లు. ఇది పరిమాణం వల్ల వచ్చిన లోటు. ఇక వెళ్లిన 4.80 లక్షల టన్నులు లక్ష్యంలోని పాళ్లలోనే వెళ్లి ఉంటే రూ. 151.68 కోట్లు రావాలి. ఎక్కువ ధర కొనుగోలుదారుకు వాటా తగ్గినందువల్ల పాత ధరల్లోనే రూ. 149 కోట్లు అయింది. కొనుగోలుదారుల పాళ్లు మారినందుకు రూ. 2.68 కోట్లు పోయాయన్నమాట. మిగిలిన రూ. 6.45 కోట్లు ధర లోటు.

వ్యాఖ్య రాసేటప్పుడు మేనేజర్లు మొదట చెప్పే మాట ‘వర్షాలు’. జూలైలో ఓపెన్‌కాస్ట్ గనుల్లోకి నీరు చేరడం, డంపర్ల దారులు బురదమయం కావడం నిజమే. అయినా ఆ మాటను నిలవల లెక్కతో సరిచూడాలి. నెల మొదట నిలవ 90 వేల టన్నులు, ఉత్పత్తి 4.55 లక్షలు, రవాణా 4.80 లక్షలు అయితే నెలాఖరు నిలవ 65 వేలు. నిలవ తరిగింది గనుక కొరత గని దగ్గరే. నిలవ పెరిగి ఉంటే తప్పు వ్యాగన్లదో, కొనుగోలుదారుదో అయ్యేది. ఒక గూడ్సు రేకుకు సుమారు 4 వేల టన్నుల చొప్పున చూస్తే తగ్గినవి అయిదు రేకులు. బొగ్గు కరువైన నెలలో విద్యుత్ కేంద్రానికి లక్ష్యం కన్నా 10 వేలు ఎక్కువే ఇచ్చారంటే, పరిశ్రమల కోత వాన చేసిన పని కాదు, తెలిసి చేసిన నిర్ణయం. నివేదికలో ఆ మాట ఉండాలి. వర్తకునికి పనికివచ్చే కబురు కూడా అదే.

ధర లోటు మరీ చిక్కు. విద్యుత్ కేంద్రానికి ముందు ప్రకటించిన గ్రేడుపై బిల్లు వేస్తారు. నమూనాలను మూడో పక్షం ప్రయోగశాల పరీక్షించాక ఫలితం తక్కువైతే క్రెడిట్ నోట్ ఇస్తారు. ఈ మధ్యతరగతి గ్రేడుల్లో ఒక్కో మెట్టు 300 కిలోకేలరీలు. జి-10 అంటే కిలోకు 4,301 నుంచి 4,600. అంచున ఉన్న బొగ్గు కొద్దిగా తగ్గినా మెట్టు దిగిపోతుంది. మన లెక్కలో రూ. 6.45 కోట్లలో రూ. 2.15 కోట్లు మే నెల సరుకుకు జూలైలో ఇచ్చిన క్రెడిట్ నోట్ అనుకుందాం. అది తీసేస్తే జూలై ధర రూ. 2,900, ఈ నెల లోటు టన్నుకు రూ. 100 మాత్రమే. పాత నెల భారాన్ని వేరే గళ్లలో చూపకపోతే బాగా పనిచేసిన నెల కూడా చెడ్డగా కనిపిస్తుంది.

మిగిలిన ఆ రూ. 100కు కారణం ప్రయోగశాల పత్రంలో దొరుకుతుంది. బూడిద శాతం పెరిగితే తవ్వకంలో బండో, మట్టో కలిసినట్లు. వాన నీటికి తేమ పెరుగుతుంది గాని బూడిద పెరగదు. ఈ తేడా తెలియని వ్యాఖ్య ఎన్ని పేజీలున్నా ఒకటే.

ఇక ముందుచూపు. ఇది నాలుగు వాక్యాలకు మించనక్కరలేదు, షరతులతో ఉంటే చాలు. ఆగస్టు ఆరంభ నిలవ 65 వేలు. ఉత్పత్తి జూలై మాదిరే ఉంటే నిలవంతా ఊడ్చినా 5.20 లక్షలకు మించి పంపలేరు. వర్షాల్లో మట్టి తొలగింపు వెనుకబడితే ఆ దెబ్బ ఆగస్టులో కాదు, తర్వాతి నెలల్లో తగులుతుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్‌లలో నీరు నిండి జలవిద్యుత్ పెరిగితే విద్యుత్ కేంద్రాల గిరాకీ కొంత సడలి, పరిశ్రమలకు కోసిన 30 వేల టన్నుల్లో కొంత తిరిగి రావచ్చు. జలాశయాలు నిండని పక్షంలో ఈ-వేలం సరుకు పలుచగానే ఉంటుందని, ధర గట్టిగా నిలుస్తుందని అనుకోవాలి.