కండను ఎప్పుడు తలచుకోమనాలి, బరువును ఎప్పుడు చూడమనాలి

జిమ్‌లో ట్రైనర్‌గా చేరిన మొదటి నెలలోనే ఈ మాట వింటారు. లాట్ పుల్‌డౌన్ మీద సెట్ ముగించిన మనిషి ముంజేతులు నొక్కుకుంటూ, "అన్నా, చేతులే పట్టేస్తున్నాయి, వింగ్స్‌కి ఏమీ తెలియట్లేదు" అంటాడు. "మైండ్ అక్కడ పెట్టు, కండను ఫీలవ్వు" అని చెప్పి మనం పక్క మెషీన్ దగ్గరికి వెళ్ళిపోతాం. నేనూ చాలా ఏళ్ళు ఇలాగే చెప్పాను. కొందరికి అది పనికొచ్చింది. ఇంకొందరికి అప్పటిదాకా బాగా లేస్తున్న బరువు కాస్తా ఆగిపోయింది. మాట తప్పు కాదు, దాన్ని ఏ బరువు దగ్గర, ఏ వ్యాయామంలో వాడాలో నాకు తెలియకపోవడమే తప్పు. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చినవారు ఆ తేడా ముందే తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను.

ఆ మాటకు అర్థం ఏమిటి?

చెయ్యి మడవాలనుకోగానే మెదడులో కదలికలను నడిపే భాగం నుంచి వెన్నుపాముకు ఆదేశం వెళ్తుంది. అక్కడి నరకణాలు దాన్ని కండకు చేరవేస్తాయి. ఒక్కో నరకణం కింద కొన్ని కండపోగులు ఉంటాయి. ఆ నరకణాన్నీ దాని పోగులనూ కలిపి మోటార్ యూనిట్ అంటారు. తేలికపాటి పనికి చిన్న యూనిట్లే కదులుతాయి. బరువు పెరిగేకొద్దీ పెద్దవి వచ్చి చేరతాయి. ఎన్ని యూనిట్లు పనిలోకి దిగాయి, ఒక్కోదానికి సంకేతం ఎంత వేగంగా అందుతోంది అన్నదే యాక్టివేషన్. చర్మం మీద ఎలక్ట్రోడ్లు అంటించి కండలోని విద్యుత్ సంకేతాన్ని కొలిచే పద్ధతిని ఈఎంజీ అంటారు.

వ్యాయామం చేస్తూ, కదిలే బరువు మీద కాకుండా ఫలానా కండ బిగుసుకోవడం మీద మనసు నిలపడమే మైండ్ మజిల్ కనెక్షన్. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కండలో మంట, పట్టేసినట్టుండటం, పంప్ ఇవన్నీ అనుభూతులు. యాక్టివేషన్ అంటే నరం పంపే ఆదేశం. ఈ రెండూ ఎప్పుడూ కలిసే నడవాలని లేదు. స్క్వాట్‌లో పిరుదుల కండ గట్టిగా పనిచేస్తున్నా, మనిషికి తొడలే తెలుస్తుండవచ్చు. అందుకే "ఏమీ తెలియట్లేదు" అనే మాట విని "కండ పనిచేయట్లేదు" అని తీర్పు ఇవ్వకూడదు.

మనసు పెడితే యాక్టివేషన్ పెరుగుతుందా?

పెరుగుతుంది, కానీ ఒక హద్దు వరకే. మన లాట్ పుల్‌డౌన్ మీదే 2009లో ఒక అధ్యయనం వచ్చింది. బరువులతో పెద్దగా అనుభవం లేని 8 మంది మహిళలు, తాము లాగగలిగే గరిష్ఠ బరువులో 30 శాతంతో ఈ వ్యాయామం చేశారు. చేతులతో కాకుండా వీపు కండతో ఎలా లాగాలో నేర్పి మళ్ళీ చేయించినప్పుడు, వీపు కండ సంకేతం సుమారు 17 శాతం పెరిగింది. బరువు మారలేదు, మెషీన్ మారలేదు. మాట ఒక్కటే మారింది.

ఆ హద్దు ఎక్కడుందో 2016లో బెంచ్ ప్రెస్ మీద చేసిన అధ్యయనం చూపించింది. సాధన ఉన్న 18 మంది పురుషులు గరిష్ఠ బరువులో 20 శాతం నుంచి 80 శాతం దాకా వేర్వేరు బరువులు ఎత్తారు. ఒకసారి మామూలుగా, ఒకసారి ఛాతీ మీద దృష్టి పెట్టి, ఇంకోసారి ట్రైసెప్స్ మీద దృష్టి పెట్టి చేశారు. 60 శాతం బరువు వరకు ఏ కండను తలచుకుంటే ఆ కండ సంకేతం పెరిగింది. 80 శాతం దగ్గర ఆ తేడా కనిపించలేదు. ఇంకో విషయం ఏమిటంటే, ట్రైసెప్స్ మీద దృష్టి పెట్టినప్పుడు ఛాతీ పని తగ్గలేదు. అంటే శ్రద్ధ ఒక కండకు పని పెంచగలదు కానీ, పక్క కండకు సెలవు ఇప్పించలేదు.

80 శాతం దగ్గర ఎందుకు ఆగిపోయింది? అంత బరువు కదలాలంటే శరీరం తన దగ్గరున్న యూనిట్లలో ఎక్కువ భాగాన్ని ఎలాగూ దించాల్సిందే. మనసు కొత్తగా పిలవడానికి మిగిలేది తక్కువ. వేగం విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. అదే వ్యాయామాన్ని 50 శాతం బరువుతో నిదానంగా చేసినప్పుడు శ్రద్ధ పనిచేసింది కానీ, వీలైనంత వేగంగా నెట్టమన్నప్పుడు ఆ ప్రభావం కనపడలేదు.

యాక్టివేషన్ పెరిగితే కండ పెరిగినట్టేనా?

ఈఎంజీ చెప్పేది ఆ క్షణంలోని సంకేతం గురించి. కండ పెరిగిందో లేదో తేలాలంటే వారాలు పడుతుంది. 2018లో అచ్చయిన ఒక అధ్యయనం అలా వారాల పాటు కొలిచి చూసింది. అంతకుముందు బరువులు ఎత్తని యువకులు 8 వారాల పాటు, వారానికి 3 రోజులు బార్‌బెల్ కర్ల్, లెగ్ ఎక్స్‌టెన్షన్ చేశారు. ఒక గుంపుకు ప్రతి రెప్‌కూ కండను బిగించమని, రెండో గుంపుకు బరువును పైకి లేపమని చెప్పారు. చివర్లో కొలిస్తే మోచేయి మడిచే కండల మందం మొదటి గుంపులో 12.4 శాతం, రెండో గుంపులో 6.9 శాతం పెరిగింది. తొడ ముందు కండలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేతి కండలను రోజంతా సూక్ష్మమైన పనులకు వాడతాం కాబట్టి వాటి మీద మనసు నిలపడం సులువు, తొడ విషయంలో అంత సులువు కాదు అన్నది ఒక వివరణ. కాబట్టి శ్రద్ధ వల్ల లాభం అన్ని కండలకూ ఒకేలా ఉంటుందని క్లయింట్‌కు మాట ఇవ్వకండి.

రెండో వైపు కూడా చూడాలి. గాబ్రియేలె వుల్ఫ్ అనే శాస్త్రవేత్త 1990ల చివరి నుంచి ఒక విషయాన్ని పదేపదే పరీక్షించారు. దృష్టిని శరీరం మీద కాకుండా, కదలిక వల్ల బయట జరిగే ఫలితం మీద పెట్టినప్పుడు మనుషులు పనిని మెరుగ్గా చేస్తారని ఆమె అధ్యయనాలు తేల్చాయి. చెయ్యి మడిచే వ్యాయామాల్లోనూ బరువు మీద దృష్టి పెట్టినవారు తక్కువ ఈఎంజీతోనే పని పూర్తి చేశారు. అంటే ఎక్కువ సంకేతం ఎక్కువ బలానికి గుర్తు కాదు. అదే బరువుకు కండ ఎక్కువ ఖర్చు పెడుతోందని కూడా దానికి అర్థం. కండ పెంచాలనుకున్నప్పుడు ఆ ఖర్చు లాభమే. గరిష్ఠ బరువు ఎత్తాలనుకున్నప్పుడు అదే నష్టం.

ఒక క్లయింట్‌తో చేసిన పని

నా దగ్గరికి వచ్చే ఒక బ్యాంకు ఉద్యోగిదీ మొదట్లో చెప్పిన సమస్యే, చేతులే పట్టేస్తాయి, వింగ్స్‌కి ఏమీ తెలియదు. లాట్ పుల్‌డౌన్‌లో 50 కిలోలు 6 సార్లు లాగేవాడు. అంచనా సూత్రం ప్రకారం రెప్స్‌ను 30తో భాగించి, ఒకటి కలిపి, బరువుతో గుణిస్తే గరిష్ఠం 60 కిలోలు వస్తుంది. అంటే అతను 80 శాతానికి పైగా బరువుతో కండను ఫీలవడానికి ప్రయత్నిస్తున్నాడు. శ్రద్ధ పనిచేయని చోటే శ్రద్ధ పెట్టమని నేను చెబుతున్నానన్నమాట.

ముందు బరువును 30 కిలోలకు, అంటే గరిష్ఠంలో సగానికి దించాను. మొదటి రోజు ఒక్క చేత్తో కేబుల్ ఇంకా తేలిగ్గా లాగిస్తూ, రెండో అరచేతిని చంక కింద వీపు అంచున పెట్టుకోమన్నాను. కండ గట్టిపడటం అతని చేతికే తెలిసింది. క్లయింట్‌ను మనం ముట్టుకోవాల్సిన అవసరం ఈ పద్ధతిలో రాదు. ముట్టుకోవాల్సివస్తే ముందు అడగాలి. తరవాత రెండు చేతులతో 12 రెప్స్ చొప్పున 2 సెట్లు చేయించాను. లాగడానికి 2 సెకన్లు, వదలడానికి 3 సెకన్లు. చెప్పిన మాటలు రెండే: ముందు భుజాలు కిందికి దించు, తరవాత చంక కింద కండతో మోచేతులను నడుము వైపు లాగు. పిడికిలి అవసరానికి మించి బిగించడం మానేసరికి ముంజేతులు పట్టేయడం కూడా తగ్గింది.

ఈ 2 సెట్లు అయ్యాక 48 కిలోలతో అసలు సెట్లు. అక్కడ కండ పేరే ఎత్తలేదు. "బార్‌ని ఛాతీ పైభాగానికి తీసుకురా" అన్నదొక్కటే మాట. 6 వారాల తరవాత 50 కిలోలు 9 సార్లు లాగాడు. అందులో శ్రద్ధ వాటా ఎంత, మామూలు సాధన వాటా ఎంత అని విడదీయలేను. కానీ "వింగ్స్‌కి ఏమీ తెలియట్లేదు" అన్న మాట మూడో వారానికే ఆగిపోయింది.

ఎక్కడ చెడుతుంది, ఎలా గుర్తుపట్టాలి?

మొదటి గుర్తు క్లయింట్ బరువులు, రెప్స్ రాసుకునే పుస్తకంలోనే దొరుకుతుంది. అసలు సెట్లలో అదే బరువుకు రెప్స్ రెండు మూడు తగ్గి, తరవాతి వారం కూడా అలాగే ఉంటే, మీరు కండ గురించి చెప్పే మాట అక్కడ అడ్డుపడుతోంది. దాన్ని తేలికపాటి సెట్లకు పరిమితం చేయండి.

రెండోది, బరువు పెరగకపోవడం. ఫీల్ పోతుందని నెలల తరబడి సగం బరువు దగ్గరే ఉండిపోయి, ఇంకా పది రెప్స్ ఓపిక ఉండగానే సెట్ ఆపేస్తే కండకు పెరిగే కారణం దొరకదు. తేలిక బరువైనా ఇంకో రెండు మూడు రెప్స్ మాత్రమే మిగిలేదాకా తీసుకెళ్ళాలి. అలసట పెరిగేకొద్దీ పెద్ద యూనిట్లు ఎలాగూ పనిలోకి వస్తాయి.

మూడోది ప్రమాదకరమైనది. బరువైన స్క్వాట్‌లో, డెడ్‌లిఫ్ట్‌లో మనిషి ఒక కండను బిగించే ధ్యాసలో పడితే బార్ దారి తప్పుతుంది, నడుం వంగుతుంది. అక్కడ "పిరుదులు బిగించు" అనకండి. "నేలను కాళ్ళతో కిందికి నెట్టు" అనండి. ఆ మాట వినగానే పాదం మొత్తం నేలకు ఆనుకుంటుంది, బార్ తిన్నగా లేస్తుంది. కండ గురించి చెప్పాలనుకున్నది ఏదైనా ఉంటే, బార్ ర్యాక్ మీద పెట్టాక చెప్పండి.