నలభై ఆరు బాణాల బొమ్మ

ఫైనలియర్ ప్రాజెక్టు వైవాలోనో, క్యాంపస్ ఇంటర్వ్యూలోనో ‘మీ సిస్టమ్ ఎలా పనిచేస్తుందో బొమ్మలో చూపించండి’ అంటే చాలామంది ఒకే స్లైడ్ తెరుస్తారు. చేసిన పనంతా అందులో ఉంటుంది. చూసేవాళ్లకు మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

బస్ టికెట్ బుకింగ్ ప్రాజెక్టు ఒకటి అనుకుందాం. ప్రయాణికుల యాప్, సిబ్బంది వెబ్‌సైట్, ఏపీఐ గేట్‌వే. లాగిన్, సెర్చ్, బుకింగ్, పేమెంట్, నోటిఫికేషన్ అనే ఐదు సర్వీసులు. నాలుగు డేటాబేస్‌లు, కాఫ్కా, లాగ్ సర్వర్. బయట పేమెంట్ గేట్‌వే, ఎస్సెమ్మెస్ సంస్థ, బస్ ఆపరేటర్ల సిస్టమ్. మొత్తం 17 డబ్బాలు, వాటి మధ్య 46 బాణాలు.

ముందు ఆ బాణాలను రకాలుగా విడదీయండి. 18 బాణాలు కేవలం జవాబులు. బుకింగ్ సర్వీసు పేమెంట్‌ను అడిగిందంటే జవాబు వస్తుందని అందరికీ తెలుసు, కాబట్టి అడిగినవాళ్ల వైపు నుంచి ఒక్క బాణం చాలు. మరో 6 లాగ్ సర్వర్‌కు వెళ్తున్నాయి, 3 టోకెన్ సరిచూసుకోవడానికి లాగిన్ సర్వీసుకు వెళ్తున్నాయి. దాదాపు ప్రతి సర్వీసూ చేసే పనిని బాణాలతో చూపిస్తే అసలు కథ కనబడదు. వాటిని బొమ్మ కింద ఒక వాక్యంగా రాయండి. ఇక మిగిలినవి 19.

ఇప్పుడు ఎవరికి ఏది చూపాలన్న ప్రశ్న వస్తుంది. ఒకే సిస్టమ్‌ను వేర్వేరు వాళ్ల కోసం వేర్వేరు కోణాల్లో గీయాలని ఫిలిప్ క్రుష్టెన్ 1995లోనే ‘4+1’ పద్ధతిలో చెప్పారు. ఈ రోజుల్లో ఎక్కువగా వినిపించేది సైమన్ బ్రౌన్ రూపొందించిన సీ4 మోడల్. అందులో కాంటెక్స్ట్, కంటెయినర్, కాంపొనెంట్, కోడ్ అని నాలుగు స్థాయిలుంటాయి. ఇక్కడ కంటెయినర్ అంటే డాకర్ కంటెయినర్ కాదు, విడిగా నడిచే యాప్ లేదా డేటాబేస్. చాలామంది తడబడేది ఈ మాట దగ్గరే.

మొదటి స్థాయిలో మీ సిస్టమ్ మొత్తం ఒకే డబ్బా. దాని చుట్టూ ప్రయాణికుడు, సిబ్బంది, బయటి మూడు సంస్థలు ఉంటాయి. బాణాలు ఐదే. హెచ్ఆర్ మేనేజర్‌కైనా, వేరే విభాగం ఎగ్జామినర్‌కైనా ఇదే చూపండి. డెవలపర్‌కు రెండో స్థాయి చూపండి, అంటే ఆ 19 బాణాల బొమ్మ.

అయితే అందులో కాఫ్కా డబ్బా ఒక చిక్కు తెస్తుంది. బుకింగ్, పేమెంట్ రెండూ దానికి పంపుతాయి. బుకింగ్, నోటిఫికేషన్ రెండూ దాని నుంచి తీసుకుంటాయి. మరి పేమెంట్ ఫలితం నేరుగా నోటిఫికేషన్‌కు వెళ్తుందా? బొమ్మ చూస్తే తెలియదు. కాఫ్కాను తీసేసి ‘పేమెంట్ ఫలితం’, ‘టికెట్ ఖరారు’ అని రెండు టాపిక్‌లను విడిగా గీయండి. బాణాలు అప్పుడూ నాలుగే, కానీ ఎవరి మాట ఎవరికి చేరుతుందో తేటగా కనబడుతుంది.

టెక్నికల్ ఇంటర్వ్యూకు ఇంకొక బొమ్మ కావాలి. సెర్చ్, లాగిన్, డేటాబేస్‌లు పక్కన పెట్టి, ఒక్క టికెట్ బుక్కయ్యే దారిని 1 నుంచి 10 వరకు అంకెలు వేసి గీయండి: యాప్ నుంచి గేట్‌వేకి, అక్కడి నుంచి బుకింగ్‌కి, ఆపరేటర్ దగ్గర సీటు పట్టి ఉంచడం, తర్వాత పేమెంట్, అలా ఎస్సెమ్మెస్ దాకా. అప్పుడు ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒక అంకె మీద వేలుపెట్టి ‘డబ్బు కట్ అయింది, కానీ ఈ మెసేజ్ రావడం ఆలస్యమై, పట్టి ఉంచిన సీటు గడువు తీరిపోయింది. ఏం చేస్తారు?’ అని అడగగలుగుతారు. మీకు కావాల్సిన ప్రశ్న అదే. 46 బాణాల బొమ్మ ముందు ఎవరూ అది అడగలేరు. లాగ్ సర్వర్ బాణాలు ఆపరేషన్స్ టీమ్‌కు ఇచ్చే డిప్లాయ్‌మెంట్ బొమ్మలోకి, టోకెన్ బాణాలు సెక్యూరిటీ వాళ్ల బొమ్మలోకి వెళ్తాయి.

బొమ్మలు పెరిగితే ఒక ప్రమాదముంది. ఒకదాంట్లో ‘పేమెంట్’, ఇంకోదాంట్లో ‘బిల్లింగ్’ అని రాస్తే అవి రెండు వేర్వేరు సర్వీసులనుకుంటారు. స్ట్రక్చురైజర్ లాంటి టూల్‌లో సంబంధాన్ని ఒక్కసారే రాస్తారు, అన్ని బొమ్మలూ అక్కడి నుంచే వస్తాయి:

```
booking -> payment "టికెట్ ధర వసూలు చేయమని అడుగుతుంది" "HTTPS"
```

టూల్ లేకపోయినా బాణం మీద ఇలాంటి మాట ఉండాల్సిందే. ఉత్త ‘డేటా’ అని రాస్తే ఏమీ తెలియదు. గీశాక ప్రాజెక్టు గురించి తెలియని స్నేహితుడికి ఇచ్చి, మీరు నోరు మెదపకుండా, ఒక్కో బాణాన్నీ డబ్బా, మాట, డబ్బా వరసలో చదవమనండి. ‘బుకింగ్ సర్వీసు, టికెట్ ధర వసూలు చేయమని, పేమెంట్ సర్వీసును అడుగుతుంది’ అని వాక్యం కుదిరితే ఆ బాణం ఉంచండి. అతను ఆగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఇంటర్వ్యూకు ముందే ఆ చోట్లు సరిచేయండి.