అబ్బాజాన్‌కు రాసే అప్పు ఉత్తరం

ఇల్లు కొనే కొత్త దంపతులకు బ్యాంకు ఎంత ఇచ్చినా, చేతి నుంచి పెట్టవలసిన సొమ్ము కొంత ఉంటుంది. మన కదిరిలో దాన్ని చాలామంది తండ్రినే అడుగుతారు. తండ్రి ఇస్తాడు, కొడుకు తీసుకుంటాడు, కాగితం మాత్రం ఉండదు. పదేళ్ల తర్వాత ఆ సొమ్ము అప్పా, కానుకా, ఇంట్లో వాటానా అని తోబుట్టువుల మధ్య తగవు వస్తుంది.

గడువు పెట్టి తీసుకునే అప్పును రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అల్ బఖరా సూరా 282వ ఆయతు చెబుతుంది. ఏమి రాయాలో చెప్పవలసింది అప్పు తీసుకునేవాడే అని కూడా అందులో ఉంది. కన్నకొడుకును కాగితం అడగడం ఏ తండ్రికైనా కష్టమే. కాబట్టి పిల్లలే ముందుగా రాసివ్వాలి.

రాసే ముందు లెక్క వేసుకోవాలి. ఇంటి ధర 20 లక్షలు అనుకుందాం. 30 లక్షల లోపు ఇంటి రుణానికి బ్యాంకు గరిష్ఠంగా ధరలో 90 శాతం, అంటే 18 లక్షలు ఇవ్వవచ్చు. మిగిలిన 2 లక్షలు మనవి. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ రుసుములు కలిపి 7.5 శాతం, అంటే లక్షన్నర. ఈ ధర ఇళ్లకు బ్యాంకు దీన్ని ఇంటి ఖరీదులో కలపదు. మొత్తం మూడున్నర లక్షలు కావాలి. దంపతుల దగ్గర 1,10,000 ఉంటే, తండ్రిని అడగవలసింది 2,40,000. బ్యాంకు వడ్డీ సంగతి ఆలిములను అడిగి తేల్చుకోవలసినది. ఈ పాఠం తండ్రి ఇచ్చే సొమ్ముకే పరిమితం.

20 ఏళ్ల గడువు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ అయితే బ్యాంకు కంతు నెలకు సుమారు 15,600. తండ్రికి 5,000 కలిపితే 20,600. ఇప్పటి బాడుగ 6,000 అయితే, మిగతా 14,600ను మూడు నెలలు పక్కన పెట్టి చూడాలి. ఒక్క నెల తప్పినా ఆ కంతు మోయలేనిదని అర్థం. అప్పుడు ఇల్లయినా చిన్నది చూడాలి, గడువైనా పెంచాలి.

ఉత్తరం ఇలా ఉండవచ్చు:

"అబ్బాజాన్‌కు, అస్సలాము అలైకుమ్. మేము కొనదలచిన ఇంటికి మీ దగ్గర 2,40,000 రూపాయలు ఖర్జె హసనాగా కోరుతున్నాము. ఇది కానుక కాదు, ఇంట్లో మీకు వాటా కాదు, వడ్డీ లేని అప్పు. రిజిస్ట్రేషన్ అయిన మూడో నెల నుంచి ప్రతి నెలా 5వ తేదీలోగా 5,000 చొప్పున 48 నెలల్లో మీ బ్యాంకు ఖాతాకు తీరుస్తాము. వేరుశనగ విత్తనాల వేళ మీకు అవసరమైతే నెల ముందు చెప్పండి. ఏడాదికి 20,000 వరకు ముందే ఇస్తాము. అంత మేర చివరి కంతులు తగ్గుతాయి. మా జీతం ఆగితే ఆ నెలలోనే మీకు తెలియజేస్తాము. అలా ఆగే కంతులు మూడు దాటవు, అవి చివర కలుస్తాయి. మాలో ఎవరికి ఏమైనా, రెండోవారు ఈ బాకీ తీరుస్తారు. మీకు వీలు కాకపోతే మొహమాటపడకండి. మరికొంత కూడబెట్టి వచ్చే ఏడాది కొంటాము. మీ కుమారుడు, మీ కోడలు."

అప్పు అన్న ఒక్క మాట మీదే చాలా ఆధారపడి ఉంది. తండ్రి కాలం చేస్తే మిగిలిన బాకీ ఆయన ఆస్తిలో భాగం. అందులో తల్లికీ, ఆడపిల్లలకూ హక్కు ఉంటుంది. కానుక అయితే ఆ హక్కు ఉండదు. తండ్రి మనసారా మాఫీ చేయదలిస్తే, బతికుండగానే స్పష్టంగా రాసివ్వాలి. చేతి సొమ్ము ఎక్కడిదని బ్యాంకు అడిగినప్పుడు అప్పును కానుక అని రాసివ్వకూడదు. రేపు ఆ కాగితమే తండ్రికి అడ్డు వస్తుంది.

సొమ్ము ఇవ్వడం, తీర్చడం బ్యాంకు ద్వారానే జరగాలి. 20,000, అంతకు మించిన అప్పును నగదుగా తీసుకుంటే, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అంత మొత్తమూ జరిమానా పడవచ్చు.

మరో సంగతి, చట్టంలో అప్పు వసూలుకు మామూలుగా మూడేళ్లే గడువు. మన కంతులు నాలుగేళ్లు సాగుతాయి. కాబట్టి ఏటా ఒకసారి మిగిలిన బాకీ ఎంతో రాసి కొడుకు, కోడలు సంతకం చేసి తండ్రికి ఇవ్వాలి. గడువు తీరకముందే సంతకం పడితే అక్కడి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది.

ఉత్తరం రెండు ప్రతులు రాసి, సాక్షులుగా తోబుట్టువుల చేతనే సంతకాలు చేయించాలి. రేపు ప్రశ్న వేయవలసింది వాళ్లే కాబట్టి, ఈ రోజే వాళ్లకు తెలిసి ఉండాలి.